మొదటి హాఫ్ మారథాన్: ముందు రోజు భోజనం నుంచి బుధవారం ఆకలి దాకా

నా మొదటి హాఫ్ మారథాన్‌లో 16వ కిలోమీటరు దగ్గర బోర్డు మీద అంకె కనిపిస్తోంది కానీ అది ఎంతో చదవలేకపోయాను. కాళ్లు బాగానే ఉన్నాయి. తల మాత్రం తేలిపోతోంది, ఒళ్లంతా చల్లటి చెమట. ముందు రాత్రి కడుపు నిండా తిన్నాను, ఆ ధైర్యంతోనే తెల్లవారుజామున ఏమీ తినకుండా పరుగుకు వెళ్లాను. దారిలో నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. రాత్రి తిన్నది పొద్దున్నకి ఎక్కడికి పోయిందో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

అది అర్థమయ్యాక, మా పిన్ని కూతురు మొదటి హాఫ్ మారథాన్‌కి సిద్ధమైనప్పుడు ఆమె తిండి ప్లాన్ నేనే దగ్గరుండి వేశాను. తన బరువు 60 కిలోలు. లక్ష్యం 2 గంటల 20 నిమిషాలు. రేసు ఆదివారం ఉదయం 6 గంటలకు. ఇక్కడ రాస్తున్నది ఆ ప్లానే. మీ బరువును బట్టి లెక్కలు మార్చుకోండి. డయాబెటిస్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు మాత్రం ఈ లెక్కలు అనుసరించే ముందు తప్పకుండా డాక్టర్‌తో మాట్లాడాలి. కార్బోహైడ్రేట్లు ఒక్కసారిగా పెంచడం, ఆపైన రెండు గంటలు పరుగెత్తడం, రెండూ మందుల డోసుతో ముడిపడిన విషయాలే.

రెండు నిల్వలు, రెండు వేర్వేరు పనులు

మనం తినే అన్నం, బ్రెడ్, పండ్లలోని కార్బోహైడ్రేట్లను శరీరం గ్లైకోజెన్‌గా మార్చి రెండుచోట్ల దాచుకుంటుంది. పెద్ద నిల్వ కండరాల్లో ఉంటుంది, అన్ని కండరాల్లో కలిపి సుమారు 400 గ్రాములు. చిన్నది లివర్‌లో, 100 గ్రాములకు కాస్త అటూ ఇటూ.

కండరంలో ఉన్నది ఆ కండరానికే పనికొస్తుంది. చేతుల్లో మిగిలిన గ్లైకోజెన్‌ను కాళ్లు అప్పు తెచ్చుకోలేవు, ఎందుకంటే దాన్ని గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదిలే ఎంజైమ్ కండరాల్లో లేదు. లివర్‌లో ఉంది. రక్తంలో చక్కెర పడిపోకుండా చూస్తూ మెదడుకు ఆహారం అందించేది లివరే. మనం నిద్రపోతున్నప్పుడు కూడా అది ఆ పని ఆపదు. అందుకే రాత్రంతా పడుకుని లేచేసరికి కాళ్లలోని నిల్వ దాదాపు అలాగే ఉంటుంది, లివర్‌లోది చాలావరకు తరిగిపోతుంది. ఆ రోజు నాకు జరిగింది అదే. కాళ్లు నిండుగా ఉన్నాయి, లివర్ ఖాళీ అయింది.

కాబట్టి ముందు రోజు తినేది కాళ్ల కోసం. రేసు రోజు పొద్దున తినేది లివర్ కోసం. దారిలో తీసుకునేది లివర్ మీద భారం తగ్గించడానికి. ఏ పూట ఏం తినాలన్న సందేహం వచ్చినా ఈ తేడా గుర్తుంటే జవాబు దొరుకుతుంది.

ఖర్చు ఎంతో కూడా చూద్దాం. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు 1 కిలో క్యాలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి 21.1 కిలోమీటర్లకు సుమారు 1,270. హాఫ్ మారథాన్ వేగంలో ఇందులో ఎక్కువ భాగం కార్బోహైడ్రేట్ల నుంచే వస్తుంది, మిగతాది కొవ్వు నుంచి. వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది. మొదటి 5 కిలోమీటర్లు ఉత్సాహంలో మరీ వేగంగా పరుగెత్తినవాళ్లను ఏ తిండీ కాపాడలేకపోవడానికి కారణం ఇదే.

నెల ముందు నుంచి: రిహార్సల్

రేసు రోజు నోట్లో పెట్టుకునే ప్రతిదీ అంతకుముందు కనీసం మూడు లాంగ్ రన్‌లలో ప్రయత్నించి ఉండాలి. అదే బ్రెడ్, అదే జెల్, అదే సమయానికి. జెల్ అంటే పరుగులో మింగడానికి చిన్న ప్యాకెట్లలో దొరికే చిక్కటి తీపి పాకం. పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకు, చర్మానికి మళ్లుతుంది, పేగులకు తగ్గుతుంది. మామూలుగా హాయిగా అరిగేది కూడా అప్పుడు కడుపులో తిప్పవచ్చు. అలవాటు చేస్తే పేగులు ఈ పని నేర్చుకుంటాయి. చెల్లి మొదటిసారి జెల్ తీసుకున్నప్పుడు ఐదు నిమిషాల్లో వాంతి వచ్చేలా ఉందని ఆగిపోయింది. రెండోసారి సగం జెల్‌తో సరిపెట్టుకుంది. నాలుగో వారానికి మొత్తం జెల్ ఇబ్బంది లేకుండా తీసుకోగలిగింది.

ఈ రోజుల్లోనే చెమట లెక్క కూడా చూసుకోండి. పరుగుకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. రేసు వేగంతో గంట పరుగెత్తి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. చెల్లి 60.0 నుంచి 59.3కి వచ్చింది, మధ్యలో 200 మి.లీ. నీళ్లు తాగింది. అంటే గంటకు చెమట సుమారు 900 మి.లీ. ఈ అంకె వాతావరణాన్ని బట్టి మారుతుంది, కాబట్టి రేసు రోజు ఎలాంటి ఎండ, ఉక్క ఉంటాయో అలాంటి పొద్దునే చూసుకోవాలి.

గురువారం, శుక్రవారం

పెద్దగా చేయాల్సింది ఏమీ లేదు. రేసు వారం కాబట్టి పరుగు తగ్గించి ఉంటారు, దాంతో ఖర్చూ తగ్గింది. మామూలు భోజనమే తింటే కాళ్లలో నిల్వ దానంతటదే పెరగడం మొదలవుతుంది. శుక్రవారం రాత్రి నుంచి పచ్చి కూరగాయల సలాడ్లు, బీన్స్, శనగల్లాంటి పీచు ఎక్కువ ఉన్నవి తగ్గించండి. పీచు మంచిదే, కానీ అది పేగుల్లో ఎక్కువసేపు ఉంటుంది. ఆదివారం పొద్దున పేగులు తేలిగ్గా ఉండాలి.

ముందు కొన్ని రోజులు కార్బోహైడ్రేట్లు మానేసి నిల్వ ఖాళీ చేసుకుని, ఆ తర్వాత నింపాలని ఇప్పటికీ కొందరు సలహా ఇస్తారు. ఈ ఆలోచనకు మూలం 1960ల నాటి స్వీడన్ పరిశోధనలు. 1966లో బెర్గ్‌స్ట్రోమ్, హుల్ట్‌మన్ అనే ఇద్దరు తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. ఒకే సైకిల్‌కు చెరోవైపు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్క కాలితోనే అలసిపోయేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు కార్బోహైడ్రేట్లు బాగా తిన్నారు. సూదితో కండరం ముక్క తీసి చూస్తే, తొక్కిన కాలిలో గ్లైకోజెన్ తొక్కని కాలి కంటే దాదాపు రెట్టింపు ఉంది. పని చేసిన కండరమే ఎక్కువ దాచుకుంటుందని అలా తెలిసింది. మీ కాళ్లు నెలల తరబడి ఆ పని చేస్తూనే ఉన్నాయి. వాటిని ప్రత్యేకంగా ఖాళీ చేయాల్సిన అవసరం లేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఆ మానేసే రోజుల్లో వచ్చే నీరసం, చిరాకు మాత్రమే మిగులుతాయి.

శనివారం: 420 గ్రాములు

మామూలు రోజుల్లో చెల్లి 250 నుంచి 300 గ్రాముల కార్బోహైడ్రేట్లు తినేది. శనివారానికి కిలో బరువుకు 7 గ్రాముల చొప్పున 420 గ్రాములు పెట్టుకున్నాం. పోటీ పడి పరుగెత్తేవాళ్లకు 10 నుంచి 12 దాకా చెబుతారు. మొదటిసారి పరుగెత్తేవాళ్లకు అంత తినడం కష్టం, కడుపుబ్బరంతో నిద్ర పాడవుతుంది. 7 సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కార్బోహైడ్రేట్లు పెంచడమంటే మొత్తం తిండి పెంచడం అనుకుంటారు. నూనె, వెన్న, చీజ్, వేపుళ్లు కూడా వాటితో పాటే పెరుగుతాయి. కొవ్వు అరుగుదలను నెమ్మదింపజేస్తుంది, కడుపు త్వరగా నిండిన భావన ఇస్తుంది, గ్లైకోజెన్‌గా మాత్రం మారదు. పళ్లెంలో మార్చాల్సింది వాటాలు: అన్నం, బ్రెడ్, బంగాళదుంపలు పెరగాలి, నూనె, మాంసం, పీచు తగ్గాలి.

చెల్లి శనివారం ఇలా గడిచింది. ఉదయం ఏడున్నరకు తెల్ల బ్రెడ్ నాలుగు ముక్కలు, ఒక పెద్ద చెంచా తేనె, ఒక అరటిపండు. ఇది దాదాపు 100 గ్రాములు. పదిన్నరకు ఒక గ్లాసు పళ్లరసం, ఇంకో అరటిపండు, 50 గ్రాములు. మధ్యాహ్నం ఒంటిగంటకు వండిన తెల్ల అన్నం 350 గ్రాములు, ఉడికించిన బంగాళదుంప 150 గ్రాములు, కొద్దిగా చికెన్. ఇందులో కార్బోహైడ్రేట్లు సుమారు 125 గ్రాములు. నాలుగున్నరకు బ్రెడ్ రెండు ముక్కలు తేనెతో, ఒక గ్లాసు పళ్లరసం, 70 గ్రాములు. రాత్రి ఏడు గంటలకు అన్నం 250 గ్రాములు, కాస్త పెరుగు, 75 గ్రాములు.

వంటగదిలో తూకం ఉంటే మంచిది. వండిన అన్నం 100 గ్రాములు తూచి పళ్లెంలో పెట్టి చూపించినప్పుడు చెల్లి ఆశ్చర్యపోయింది. అది తను రోజూ పెట్టుకునే దాంట్లో సగం కూడా లేదు. అందులో కార్బోహైడ్రేట్లు 28 గ్రాములే, మిగతాదంతా దాదాపు నీళ్లే. కళ్లతో అంచనా వేస్తే కొందరికి ఎక్కువవుతుంది, ఎక్కువమందికి మాత్రం తక్కువే పడుతుంది.

పెద్ద భోజనం మధ్యాహ్నమే అయిపోవడం గమనించండి. ముందు రాత్రి విందు చేసుకుంటే అది పొద్దున్నకి ఇంకా పేగుల్లోనే ఉంటుంది. రాత్రి భోజనం చిన్నదిగా, త్వరగా, తెలిసిన రుచితో ఉండాలి.

ఆ రాత్రి చెల్లి నుంచి ఫోన్. "అక్కా, బరువు 61.1 చూపిస్తోంది, ఒక్క రోజులో కిలో పెరిగానేంటి?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా కండరంలో చేరుతుంది. ఆ పెరిగిన కిలోలో చాలావరకు అదే, మిగతాది కడుపులో ఉన్న తిండి. ఆ రోజు ప్లాన్ పనిచేసిందనడానికి అదొక గుర్తు. కాళ్లు కాస్త బరువుగా, బిగుతుగా అనిపించడం కూడా మామూలే. ఈ భయంతో రాత్రి భోజనం మానేస్తే పగలంతా చేసింది వృథా అవుతుంది.

ఆదివారం తెల్లవారుజాము

6 గంటల రేసుకు చెల్లి మూడున్నరకు లేచింది, 3:45కి తినడం మొదలుపెట్టింది. బ్రెడ్ మూడు ముక్కలు, తేనె, ఒక అరటిపండు. మొత్తం 85 గ్రాములు, అంటే కిలో బరువుకు దాదాపు ఒకటిన్నర గ్రాము. దీంతో పాటు నెమ్మదిగా 350 మి.లీ. నీళ్లు. తిన్నాక మళ్లీ ఓ అరగంట పడుకుంది. ఆ వేళప్పుడు నిద్ర పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు కానీ, లివర్‌ను నింపడానికి మిగిలింది ఈ ఒక్క అవకాశమే.

టెన్షన్ వల్ల ముద్ద దిగకపోతే తాగండి. పళ్లరసం గానీ స్పోర్ట్స్ డ్రింక్ గానీ ఒక పెద్ద గ్లాసు, దాంతో సగం అరటిపండు తీసుకున్నా ఖాళీ కడుపు కంటే చాలా మేలు. కాఫీ రోజూ తాగేవాళ్లు మామూలుగా తాగవచ్చు. అలవాటు లేనివాళ్లు ఆ రోజు మొదలుపెట్టకూడదు.

రేసుకు ముప్పావు గంట ముందు తీపి తినే విషయంలో జాగ్రత్త. ఆ సమయానికి తింటే ఇన్సులిన్ పెరిగి ఉన్నప్పుడే పరుగు మొదలవుతుంది, రెండూ కలిసి కొందరికి మొదటి కిలోమీటర్లలో రక్తంలో చక్కెర పడిపోతుంది. అందరికీ ఇలా కాదు. మీకు అవుతుందో లేదో రిహార్సల్‌లోనే తెలుస్తుంది. మొదలయ్యే 5 నిమిషాల ముందు ఒక జెల్ తీసుకుంటే సాధారణంగా ఈ సమస్య రాదు.

దారిలో

గంటకు 30 గ్రాముల కార్బోహైడ్రేట్లు మొదటిసారికి మంచి లక్ష్యం. అలవాటున్నవాళ్లు 60 దాకా వెళ్తారు. చెల్లి దగ్గర ఒక్కొక్కటి 23 గ్రాముల జెల్స్ మూడు ఉన్నాయి. మొదటిది 35వ నిమిషానికి, రెండోది 1 గంట 10 నిమిషాలకు, మూడోది 1 గంట 45 నిమిషాలకు. కిలోమీటర్లను కాకుండా గడియారాన్ని బట్టి తీసుకోమన్నాను. అలసిపోయినప్పుడు "వచ్చే బోర్డు దగ్గర తీసుకుందాం" అని వాయిదా వేయడం అందరికీ సహజం.

జెల్‌ను నీళ్లతోనే తీసుకోవాలి, నాలుగైదు గుటకలైనా. జెల్ మీద స్పోర్ట్స్ డ్రింక్ తాగితే కడుపులో చక్కెర మరీ చిక్కబడుతుంది. దాన్ని పలచన చేయడానికి పేగులు శరీరంలోని నీటిని లాగుతాయి. 10వ కిలోమీటరు తర్వాత కడుపునొప్పి, విరేచనం రావడానికి ఇదొక ముఖ్య కారణం.

నీళ్ల విషయంలో చెల్లి అంచనా చెమట మొత్తం దాదాపు 2.1 లీటర్లు. అందులో 900 మి.లీ. తాగింది, దాహాన్ని బట్టి, ప్రతి నీళ్ల స్టాల్ దగ్గర కొద్దికొద్దిగా. పోయినదంతా నింపాలనుకోవడం పొరపాటు, పోయిన దానికంటే ఎక్కువ తాగడం ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి, మరీ ముదిరితే ప్రాణం మీదకు వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకు, నెమ్మదిగా ముగించినవాళ్లకు ఇది ఎక్కువగా కనిపించింది. మొదటిసారి పరుగెత్తేవాళ్లు చాలామంది నెమ్మదిగా వెళ్తారు, ప్రతి స్టాల్ దగ్గరా నిండా తాగే సమయం వాళ్లకే ఉంటుంది. ఉంగరం బిగుసుకోవడం, వేళ్లు ఉబ్బడం, కడుపులో నీళ్లు కదులుతున్నట్టు ఉండటం కనిపిస్తే తాగడం ఆపండి.

మధ్యలో శక్తి తగ్గితే ఏ నిల్వ తగ్గిందో గుర్తుపట్టవచ్చు. తల తేలడం, చల్లటి చెమట, అకారణంగా ఏడుపు లేదా కోపం, మాట తడబడటం ఉంటే రక్తంలో చక్కెర పడిపోతోందని అర్థం. వెంటనే నడకకు మారి జెల్ తీసుకుంటే సాధారణంగా 10, 15 నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకోకపోతే పరుగు కొనసాగించకుండా మెడికల్ టెంట్‌కు వెళ్లాలి. తల స్పష్టంగానే ఉండి, కాళ్లు మాత్రం సీసంలా బరువెక్కి ఎంత తోసినా కదలకపోతే కండరాల నిల్వ తగ్గింది. దాన్ని అప్పటికప్పుడు నింపలేం. వేగం తగ్గిస్తే కొవ్వు వాటా పెరిగి, మిగిలిన గ్లైకోజెన్ చివరిదాకా వస్తుంది.

ముగిశాక మొదటి నాలుగు గంటలు

చెల్లి 2 గంటల 24 నిమిషాల్లో ముగించింది. ఆకలి అస్సలు లేదంది. కష్టపడి పరుగెత్తాక ఇది మామూలే. అప్పుడు ద్రవంగా ఉన్నది సులువుగా దిగుతుంది. పది నిమిషాలు నడిచాక ఒక పెద్ద గ్లాసు తీపి కలిపిన పాలు, ఒక అరటిపండు తీసుకుంది. పాలు పడనివాళ్లు పళ్లరసంతో మొదలుపెట్టి, మాంసకృత్తులను తర్వాతి భోజనంలో చూసుకోవచ్చు.

అరగంటలోపు తినకపోతే అంతా పోయినట్టేనని భయపడక్కర్లేదు. ఆ తొందర, కొన్ని గంటల్లోనే మళ్లీ పరుగెత్తాల్సినవాళ్లకు. మీరు కొన్ని రోజులపాటు పరుగెత్తరు. గంటన్నర, రెండు గంటల్లో ఒక సరైన భోజనం అయితే చాలు. చెల్లి అన్నం, మూడు గుడ్లు, పెరుగు తిన్నది. మాంసకృత్తులు 20 నుంచి 25 గ్రాములు వచ్చాయి.

ఇంటికొచ్చి బరువు చూస్తే పొద్దుటి కంటే 1.3 కిలోలు తక్కువ ఉంది. పోయిన బరువుకు ఒకటింపావు రెట్లు, అంటే 1.6 లీటర్ల దాకా, సాయంత్రంలోపు కొద్దికొద్దిగా తాగింది. భోజనంలో ఉప్పు మామూలుగా ఉండాలి, అదే నీటిని శరీరంలో నిలుపుతుంది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు గబగబా తాగితే చాలావరకు మూత్రంగా బయటికి పోతాయి.

ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రేసుకు ముందు, రేసులో, ముగిసిన వెంటనే వేసుకోకండి. నీరు తగ్గిన శరీరంలో అవి కిడ్నీల మీద భారం పెడతాయి. మద్యం కూడా ఆ సాయంత్రం వద్దు. మూత్రం ముదురు గోధుమరంగులో వస్తూ, కండరాల నొప్పి భరించలేనంతగా ఉంటే అదే రోజు డాక్టర్‌ను కలవండి. దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే పదార్థాలు కిడ్నీలకు హాని చేస్తుండవచ్చు.

సోమవారం నుంచి బుధవారం దాకా

ప్లాన్లు సాధారణంగా ఆదివారంతో ఆగిపోతాయి. ఆకలి మాత్రం సోమవారం మొదలవుతుంది. మంగళవారం చెల్లి ఫోన్ చేసి, "తిన్న గంటకే మళ్లీ ఆకలేస్తోంది, ఇలా తింటే చేసిందంతా పోతుందేమో" అంది. అప్పటికే సోమవారం రాత్రి అన్నం మానేసి సలాడ్ తిని పడుకుంది. మంగళవారం మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది.

దూరపు పరుగులో ప్రతి అడుగుకూ తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది. దాంతో కండరంలో సూక్ష్మంగా చిరుగులు పడతాయి. అలా దెబ్బతిన్న కండరం గ్లైకోజెన్‌ను మామూలు వేగంతో నింపుకోలేదు. ఒక్క రోజులో నిండాల్సినది రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్లో తిండి తగ్గిస్తే మరమ్మతూ నెమ్మదిస్తుంది, నిల్వా నిండదు. శనివారమంత అవసరం లేదు. కిలో బరువుకు 5 గ్రాముల కార్బోహైడ్రేట్లు, ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. చెల్లికి ఇది 300 గ్రాములు, 90 గ్రాములు. మాంసకృత్తులను ఒకే పూట కాకుండా నాలుగు పూటలకు పంచాం. శనివారం పక్కన పెట్టిన కూరగాయలు, పప్పుధాన్యాలు, పీచు ఉన్న పండ్లు సోమవారం నుంచే తిరిగి మొదలయ్యాయి. రెండు రోజులు తెల్ల అన్నం, బ్రెడ్ మీద గడిపిన పేగులకు అవి అవసరం.

ఆ వారంలో బరువు రోజుకో రకంగా చూపిస్తుంది. వాచిన కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి, అందుకే సోమవారం, మంగళవారం అంకె పెరిగినా ఆశ్చర్యం లేదు. చెల్లిని శుక్రవారం దాకా బరువు చూసుకోవద్దన్నాను. మంగళవారం రాత్రి నుంచి పూటపూటకూ అన్నం తిన్నది. బుధవారం సాయంత్రానికి ఆకలి మామూలు స్థాయికి వచ్చింది, మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా దిగింది. శుక్రవారం పొద్దున చూసుకుంటే 60.1.